సూప్ నీళ్లు కాదు, తునక పెట్టాలె

హన్మకొండ నుంచి ఒక అమ్మ అడిగింది: "మేడం, పాపకు ఆరు నెలలు నిండినయి. మా అత్తమ్మ మటన్ సూప్ తాపుతున్నది. గుడ్డు, చేప, తునకలు మాత్రం ఏడాది దాకా వద్దంటున్నది. ఏం చెయ్యాలె?"

ఈ సూప్ మాట విన్నప్పుడల్లా నాకు పాణం ఉసూరుమంటది. పప్పు ఉడకబెట్టి, పైన తేట పాపకు పోసి, అడుగున పప్పు మనం తింటే ఎట్లుంటది? మటన్ సూప్ కూడా అంతే. ఆరు నెలలకు పుట్టుకతో వచ్చిన ఐరన్ తగ్గిపోతుంటది, తల్లిపాలల్ల ఉండేది కొంచెమే. మాంసంల ఐరన్ ఎక్కువ భాగం తునకలనే ఉంటది, నీళ్లల్లకు దిగేది చాలా తక్కువ. పైగా ఆ తేటతో చిన్న పొట్ట నిండిపోతది.

అందుకే బొక్క లేని మెత్తటి తునకలు తీసుకోండి. ఉప్పు, కారం వెయ్యకుండ, వేళ్ల మధ్య నలిపితే పోగులు విడిపోయేదాకా కుక్కర్ల ఉడికించండి. అదే నీళ్లు కొంచెం పోసి మిక్సీల మెత్తగ పట్టి, ఒక చెంచా ముద్ద పప్పన్నంల కలపండి. సూప్ పారబోయక్కర్లేదు, తునకను పలుచన చేసుడే దాని పని. చికెన్‌కూ ఇదే పద్ధతి. కార్జం అయితే వారానికి ఒక్కసారి ఒక చెంచా చాలు, దాంట్ల విటమిన్ ఎ బాగా ఎక్కువ.

ఇగ గుడ్డు. పచ్చసొన పెట్టి తెల్లసొన ఆపుతరు. అది కూడా తేట లెక్కనే, సగమే పెట్టినట్టు. ఒకప్పుడు డాక్టర్లే ఆపుమన్నరు. కానీ ఆలస్యం చేస్తే అలర్జీ తగ్గదని తర్వాత తేలింది. నీళ్లు మరిగినంక 10 నుంచి 12 నిమిషాలు ఉడికించండి. రెండు సొనలూ గట్టిపడాలె, హాఫ్ బాయిల్ వద్దు. తల్లిపాలతో మెదిపి, పాప హుషారుగ ఉన్న రోజు పొద్దున పావు చెంచా పెట్టండి. పది నిమిషాలు చూసి ఇంకొంచెం పెట్టి, రెండు గంటలు కనిపెట్టుకొని ఉండండి. నోటి చుట్టు కొంచెం ఎర్రబడుడు ఆహారం తగిలి కూడా అయితది. కానీ ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు, ఆగని వాంతులు కనిపిస్తే ఆపి డాక్టర్‌కు చూపియ్యాలె. ఊపిరి ఆడకున్నా, పాప వాలిపోయినా వెంటనే 108. ఏమీ కాకపోతే వారానికి రెండుసార్లన్న పెడుతుండాలె, ఒక్కసారి పెట్టి వదిలేస్తే లాభం లేదు. చర్మం మీద తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లలకు మాత్రం ముందే డాక్టర్‌ను అడగండి.

టైమ్ అయిపోతున్నది, చేప సంగతి గబగబ చెప్త. గుడ్డు పడ్డదని తెలిసినంక మూడు, నాలుగు రోజులాగి, గుడ్డు లెక్కనే పావు చెంచాతోని మొదలువెట్టండి. కొర్రమీను మంచిది, ముండ్లు తక్కువ. రవ్వ, బొచ్చెలల్ల వై ఆకారపు సన్న ముండ్లు కండలనే దాక్కుంటయి. ఆవిరి మీద ఉడికించి, పళ్లెంల పరిచి, రెండు వేళ్లతోని రెండుసార్లు నలిపి చూడండి. కంటికి కనిపించని ముల్లు వేలికి తగులుతది. ఎండుచేపలు వద్దు, అంత ఉప్పు పాపకు పడదు.