ఉద్యోగం పోయాక బ్యాంకుకు రాసే లెటర్

శ్రోతలకు నమస్కారం. కాజీపేటలో లోన్ మీద ఇల్లు కట్టుకున్న ఒక కుటుంబం ఉందనుకుందాం. ఇంకా 12 లక్షలు బాకీ ఉంది, 9 శాతం వడ్డీ, మరో పదేళ్ల గడువు. నెల కిస్తీ దాదాపు 15,200. ఇంతలో భర్త ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఇల్లు గడిచేది ప్రైవేటు స్కూల్లో టీచరైన భార్యకు వచ్చే 18 వేల జీతం మీదే.

ఇలాంటప్పుడు చాలామంది బ్యాంకుకు రాసే లెటర్‌లో కష్టాలన్నీ ఉంటాయి, అంకె ఒక్కటీ ఉండదు. 'దయచేసి సహాయం చేయండి' అని ముగుస్తుంది. మేనేజర్ మంచివాడే అయినా, ఆ కాగితాన్ని పై ఆఫీసుకు పంపి ఏమని అడగగలడు? నేనైతే ఇలా రాయమంటాను:

'అయ్యా, గత నెలాఖరున నా ఉద్యోగం పోయింది. రిలీవింగ్ లెటర్ జతచేశాను. మా ఇంటి ఆదాయం ఇప్పుడు 18 వేలు, ఖర్చు 9 వేలు. ఆరు నెలల పాటు నెలకు 9 వేలు తప్పకుండా కట్టగలను. ఆ తర్వాత లోన్ గడువు 15 ఏళ్లకు పెంచి, కిస్తీ తగ్గించమని కోరుతున్నాను.'

ఈ 9 వేలు ఊరికే వేసిన అంకె కాదు. 12 లక్షల మీద నెల వడ్డీ సరిగ్గా అంతే. అది కడుతుంటే అసలు బాకీ తగ్గదు, కానీ పెరగదు. ఆరు నెలలు ఏమీ కట్టకుండా వదిలేస్తే మాత్రం దాదాపు 55 వేలు అసలులో కలుస్తాయి. గడువు 15 ఏళ్లకు పెరిగితే కిస్తీ సుమారు 12,200కు దిగుతుంది. మొత్తం వడ్డీ మాత్రం ఎక్కువవుతుంది, అది తెలిసే అడగాలి.

లెటర్ ఇచ్చినంత మాత్రాన కిస్తీ ఆగదు. మంజూరు కాగితం చేతికి వచ్చేదాకా ఖాతాలోంచి పాత కిస్తీయే కట్ అవుతుంది. డబ్బు లేకపోతే బౌన్స్ చార్జీలు పడతాయి. కట్టని కిస్తీ 90 రోజులు దాటితే లోన్ మొండి బాకీ కింద చేరుతుంది. అందుకే మొదటి కిస్తీ తప్పకముందే బ్రాంచికి వెళ్లి లెటర్ ఇవ్వండి. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఇలా లోన్ షరతులు మార్చి రీస్ట్రక్చర్ చేస్తే సిబిల్‌లో ఏమని నమోదవుతుందో కూడా అక్కడే అడగండి. అది తర్వాత అడిగే లోన్లకు అడ్డు కావచ్చు.

బ్యాంకు ఒప్పుకొని తీరాలన్న రూలేమీ లేదు. అయితే జవాబే రాకపోతే, ఆ ముద్ర ఉన్న కాపీ జతచేసి ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. దానికి 30 రోజులైనా జవాబు రాకపోతే, cms.rbi.org.in లో బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. లోన్ షరతులు మార్చమని అంబుడ్స్‌మన్ బ్యాంకును బలవంతపెట్టడు, అది బ్యాంకు నిర్ణయం. జవాబు ఎందుకివ్వలేదని మాత్రం అడుగుతాడు.