కుళ్ళుగుడ్డు కంపు తేన్పులు: గుడ్డు వల్లా, నీళ్ళ వల్లా?

[దృశ్యం: వంటింటి పొయ్యి. గిన్నెలో రెండు కోడిగుడ్లు ఉడుకుతున్నాయి.]

నమస్తే అండి. నేను శ్రీకాకుళంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ల్యాబ్‌కి వచ్చేవాళ్ళు గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి మరీ చెప్పే బాధ ఒకటుంది. తేన్పు వస్తే కుళ్ళిన గుడ్డు వాసన, కింద నుంచి గ్యాస్ పోతే గదిలో ఎవరూ కూర్చోలేని పరిస్థితి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ వాసన ఎక్కడ పుడుతుందో తెలిస్తే, ఊరుకోవచ్చో పరీక్షకి రావాలో మీకే అర్థమవుతుంది.

ముందు ఈ గుడ్లు చూడండి. ఒకదాన్ని పది నిమిషాలకే తీసి చల్లనీళ్ళలో వేశాను. రెండోది అరగంట ఉడికింది.

[దృశ్యం: రెండు గుడ్లనూ నిలువునా కోసి, పక్కపక్కన పెట్టి దగ్గరగా చూపించాలి.]

అరగంట ఉడికినదాంట్లో పచ్చసొన చుట్టూ బూడిదరంగు, ఆకుపచ్చ కలిసిన గీత కనబడుతోంది కదా? తెల్లసొనలోని ప్రోటీన్‌లో గంధకం ఉంటుంది. ఎక్కువసేపు వేడి తగిలితే ఆ గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుగా బయటికొస్తుంది. పచ్చసొనలోని ఇనుముతో అది కలిసిన చోట ఈ గీత పడుతుంది. తింటే ప్రమాదమేమీ లేదు. కానీ మీ తేన్పులో వచ్చేది కూడా ఇదే వాయువు. కోటి పాళ్ళ గాలిలో ఇది ఒక్క పాలు ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. కింద నుంచి పోయే గ్యాస్‌లో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకి అసలు వాసనే ఉండదు. కంపంతా మిగిలిన ఆ కాస్త గంధకపు వాయువులదే.

కడుపులో పొయ్యి లేదు కాబట్టి అక్కడ ఈ పని బ్యాక్టీరియా చేస్తాయి. గుడ్డు, మాంసం, చేపల్లోని ప్రోటీన్‌లో మిథియోనిన్, సిస్టీన్ అని గంధకం ఉన్న ముక్కలుంటాయి. మామూలుగా తింటే చిన్నపేగే వాటిలో ఎక్కువ భాగం లాగేసుకుంటుంది. పండక్కి ఒక్క పూటలో నాలుగు గుడ్లు, దానిమీద మేకమాంసం కూర తిన్నారనుకోండి, అరగని కొంత పెద్దపేగుకి చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని విరిచి గంధకపు వాయువులు వదులుతాయి. మసాలాలోని ఉల్లి, వెల్లుల్లిలో కూడా గంధకం ఉంటుంది కాబట్టి అవీ తోడవుతాయి.

అయితే పెద్దపేగులో పుట్టిన గ్యాస్ కిందికే పోతుంది, తేన్పుగా పైకి రాదు. మామూలు తేన్పు అంటే మనం తింటూ తాగుతూ మింగిన గాలే. తేన్పులోనే కంపు వస్తోందంటే తిన్నది కడుపులో ఎక్కువసేపు నిలిచిపోయి ఉండాలి, లేదా చిన్నపేగు పైభాగంలోనే ఏదో తేడా జరిగి ఉండాలి. నూనె తేలే మాంసం కూర కడుపులోంచి మెల్లగా కదులుతుంది కాబట్టి విందు తర్వాత ఒకటి రెండు రోజులు అలా రావచ్చు. తేలిగ్గా తింటే పోతుంది. దానికి పరీక్షలు అక్కర్లేదు.

మరి గుడ్డు మానేసినా పోకపోతే?

[దృశ్యం: ఎండిన నాగావళి ఇసుక. ఇసుకలో తవ్విన చెలమ.]

ఆమదాలవలస వైపు నుంచి ఒక తాపీమేస్త్రి వచ్చాడు. "ఏటో బావూ, గుడ్డు ముట్టి పది రోజులైంది. అయినా కుళ్ళుగుడ్డు కంపే వస్తంది" అన్నాడు. నేను అడుగుతూ పోయాను. విరోచనాలు రోజుకి మూడు నాలుగు సార్లు. రక్తం లేదు, జ్వరం లేదు. మలం జిడ్డుగా నీళ్ళ మీద తేలుతోంది, కడిగినా పోవడం లేదు. కడుపు ఉబ్బరం. మూడు కిలోలు తగ్గాడు. ఇదంతా మొదలవడానికి తొమ్మిది రోజుల ముందు, ఏటి పక్కన పనికి వెళ్ళి చెలమ నీళ్ళు తాగాడు.

ఆ తొమ్మిది రోజులే నాకు అనుమానం పుట్టించాయి. కలుషితమైన తిండి వల్ల వచ్చే వాంతులు, విరోచనాలు ఎక్కువగా గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో మొదలవుతాయి. జియార్డియా అనే పరాన్నజీవి మాత్రం సాధారణంగా ఒకటి రెండు వారాలు తీసుకుంటుంది. అందుకే జనం నీళ్ళని మర్చిపోయి, నిన్న తిన్న గుడ్డు మీద నేరం మోపుతారు.

మొదటి రోజు మలంలో ఏమీ దొరకలేదు. ఇక్కడే చాలామంది "పరీక్షలో ఏమీ లేదన్నారు" అని ఆగిపోతారు. ఈ జీవి రోజూ ఒకేలా బయటపడదు. ఒకరోజు బోలెడు, మర్నాడు ఒక్కటీ ఉండదు. అందుకే వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు అడుగుతాం. ఆయన రెండో నమూనాలో దొరికింది.

[దృశ్యం: మైక్రోస్కోప్‌లో కనిపించేదాన్ని కాగితం మీద పెన్సిల్‌తో గీసి చూపించాలి.]

మైక్రోస్కోప్‌లో అది నీటిబొట్టు ఆకారంలో ఉంటుంది. మిల్లీమీటరులో వందో వంతు పొడవు. లోపల రెండు కేంద్రకాలు రెండు కళ్ళలా ఉంటాయి, మిమ్మల్నే చూస్తున్నట్టు అనిపిస్తుంది. బతికున్నది కదిలితే చెట్టు నుంచి రాలే ఆకులా ఊగుతూ తిరుగుతూ పోతుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నా అది కనబడిన ప్రతిసారీ నేను ఒక్క క్షణం అలా ఉండిపోతాను.

ఇది చిన్నపేగు పైభాగంలో గోడకి అతుక్కుంటుంది. మనం తిన్నదాన్ని పీల్చుకునే సన్నటి నూగు అక్కడ దెబ్బతింటుంది. కొవ్వు, ప్రోటీన్ సరిగా లోపలికి పోవు. అందుకే మలం జిడ్డుగా తేలడం, బరువు తగ్గడం. పీల్చుకోని తిండి పైభాగంలోనే పులిసి గ్యాస్ అవుతుంది. కడుపు అక్కడికి దగ్గరే కాబట్టి ఆ వాసన తేన్పులో వస్తుంది.

ఆయనకి డాక్టరు గారు టినిడజోల్ రాశారు. నాలుగు రోజుల్లో తేన్పుల కంపు పోయింది. కొందరికి మెట్రోనిడజోల్ ఐదు నుంచి ఏడు రోజులు రాస్తారు. మందుల షాపులో రెండు మాత్రలు కొనుక్కుని, తగ్గిందని ఆపేసేవాళ్ళని చాలామందిని చూశాను. మూడు వారాల్లో మళ్ళీ అదే బాధతో వస్తారు. దయచేసి అలా చేయకండి. ఈ మాత్రలు వాడే రోజుల్లో మద్యం కూడా ముట్టకూడదు.

తగ్గాక ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. "టీ తాగితే ఉబ్బరం వస్తంది బావూ, పురుగు పోలేదా?" అని. పురుగు పోయింది. కానీ పాలలోని చక్కెరని అరిగించే ఎంజైమ్ ఉండేది కూడా ఆ నూగులోనే. అది మళ్ళీ మొలిచేదాకా కొన్ని వారాలు పాలు పడకపోవచ్చు. మజ్జిగ, పెరుగు చాలామందికి పడతాయి.

నీళ్ళ విషయం. జియార్డియాకి గట్టి పెంకు ఉన్న దశ ఒకటుంది, మామూలుగా కలిపే క్లోరిన్‌కి అది అంత తేలిగ్గా చావదు. నీళ్ళు తెర్లిన తర్వాత ఒక్క నిమిషం మరిగిస్తే చచ్చిపోతుంది.

రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా, జ్వరం ఆగకపోయినా, పిల్లలకి మూత్రం తగ్గినా నమూనాల కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. షుగర్ ఉన్నవాళ్ళకి, బరువు తగ్గే ఇంజక్షన్లు వాడేవాళ్ళకి కడుపు మెల్లగా ఖాళీ అవడం వల్ల కూడా ఇవే తేన్పులు వస్తాయి. పొద్దున తిన్నది రాత్రి వాంతిలో అలాగే కనిపిస్తే డాక్టరుకి ఆ మాట తప్పకుండా చెప్పండి.

[దృశ్యం: మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా.]

పరీక్షకి వచ్చేటప్పుడు ఇలాంటి పొడి డబ్బాలో తీసుకురండి. మూత్రం, నీళ్ళు కలవకూడదు. మలం నీళ్ళలా ఉంటే అరగంటలోపు మాకు చేర్చండి. ఆలస్యమైతే ఆ రాలే ఆకు కదలడం ఆగిపోతుంది, మేం పోల్చుకోలేం.