మెయిల్ చివర మర్యాద పెరిగిందంటే జాగ్రత్త

"అన్నా, మా జర్మనీ పార్టీ ఆయన మెయిల్ చివర Liebe Grüße అని పెట్టేవాడు. ట్రాన్స్‌లేట్ చేస్తే 'ప్రేమతో' అని వచ్చింది, కంగారుపడ్డాను. ఇప్పుడేమో Mit freundlichen Grüßen అంటున్నాడు. అంటే 'స్నేహపూర్వక' అంట. ఇది మంచికా, చెడ్డకా?"

చీమకుర్తి నుంచి ఒక చెల్లెలు అడిగింది. గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో మెయిళ్లన్నీ ఆమే చూస్తుందట.

చెడ్డకేనమ్మా. కానీ కొంపేమీ మునగలేదు.

ముందు ఆ 'ప్రేమ' సంగతి తేల్చేద్దాం. లీబె గ్రూసె అన్న మాటలో ప్రేమ ఉన్న మాట నిజమే. కానీ జర్మన్లు దాన్ని బాగా పరిచయమైన ఆఫీసు వాళ్లకి కూడా రాస్తారు. మన దగ్గర కూరగాయలమ్మే ఆమె "ఏం కావాలి బంగారం" అంటే మనం బంగారమైపోతామా? అంతే. ఆయనకి నీతో పని చేయడం హాయిగా ఉందని మాత్రమే దానర్థం.

ఇక రెండోది, మిట్ ఫ్రొయిండ్లిషెన్ గ్రూసెన్. మాటకి మాట చూస్తే స్నేహపూర్వక నమస్కారాలతో అని. కానీ బ్యాంకు వాళ్లు, కరెంటాఫీసు వాళ్లు, ముక్కూ మొహం తెలియనివాళ్లు అందరూ రాసేది ఇదే. మన అర్జీల్లో "ఇట్లు, మీ విధేయుడు" అని రాస్తాం కదా, అందులో ఎవరికైనా విధేయత కనపడుతుందా? అలాగే అందులో స్నేహమూ కనపడదు. మొదటి రోజు నుంచీ అదే రాస్తుంటే దాని గురించి ఆలోచించే పనే లేదు. లీబె దాకా వచ్చిన మనిషి వెనక్కి దానికి వెళ్లాడంటేనే ఆలోచించాలి.

మన ఇళ్లల్లోనూ ఇంతే. రోజూ "అన్నం తిన్నావా రా" అనే అమ్మ, ఒకరోజు "తమరు భోంచేస్తారా" అందనుకోండి. మర్యాద పెరిగింది. ఇంట్లో ఎవరికైనా సంతోషం వేస్తుందా?

అయితే తొందరపడి టెన్షన్ పడకుండా మూడు చూడు. ఒకటి, ఆ మాట ఫోన్ నంబరు, అడ్రసుతో కలిసి ప్రతి మెయిల్లోనూ ఒకేలా వస్తోందా? అయితే అది కంప్యూటరే అతికిస్తున్న సంతకం. రెండు, మెయిల్ కాపీ ఆయన పై ఆఫీసరుకో, లాయరుకో వెళ్తోందా? పదిమందిలో ఎవరైనా చొక్కా సర్దుకుంటారు, అందులో నీ మీద కోపం ఉండకపోవచ్చు. మూడోది అన్నిటికన్నా గట్టి గుర్తు, పైన పిలుపు. ఇంతకుముందు Liebe అని నీ పేరు పెట్టి మొదలెట్టేవాడు, ఇప్పుడు Sehr geehrte Frau అని ఇంటిపేరుతో మొదలెడుతున్నాడా? పైనా కిందా రెండూ బిగుసుకున్నాయంటే మనిషి బిగుసుకున్నట్టే.

ఆ అమ్మాయిని అడిగితే అసలు సంగతి చెప్పింది. పలకల కంటైనర్ చెన్నై పోర్టులో పది రోజులు ఆగింది. వీళ్లు ఆ మాట చెప్పలేదు, ఆయనే అడిగి తెలుసుకున్నాడు. పైన పిలుపు కూడా మారిందట. ఇంకేం కావాలి?

ఇప్పుడు జవాబెలా? మనవాళ్లు చేసే తప్పు, ఏమీ జరగనట్టు మళ్లీ లీబె గ్రూసె అని రాయడం. అలిగిన వియ్యంకుడి భుజం మీద చెయ్యి వేసినట్టుంటుంది. ఆయన ఏ మెట్టు మీద ఉంటే ఆ మెట్టు మీదే నిలబడు. ఆలస్యం మాదే అని ఒక వాక్యం, కంటైనర్ ఎప్పుడు కదులుతుందో తారీఖుతో ఒక వాక్యం, తర్వాత ఇలా:

```
Mit freundlichen Grüßen
(నీ పేరు)
```

దాని తర్వాత కామా ఉండదు, చూశారా? ఇంగ్లీషులో Yours sincerely తర్వాత కామా పెట్టే అలవాటుతో మనం ఇక్కడా పెట్టేస్తాం. జర్మన్‌లో అది తప్పు. అలాగే MfG అని పొట్టిగా కొట్టొద్దు. క్షమాపణ చెప్పే మెయిల్లో అది "సరేలే" అన్నట్టు వినిపిస్తుంది.

ఒకవేళ ఎప్పుడైనా Hochachtungsvoll అని వచ్చిందనుకో, అప్పుడు మాత్రం నిజంగా భయపడు. 'అత్యంత గౌరవంతో' అని దానర్థం. ఒకప్పుడు వ్యాపార ఉత్తరాల్లో మామూలుగానే వాడేవాళ్లు. ఇప్పుడు ఎక్కువగా గొడవ ముదిరిన ఉత్తరాల కిందే కనపడుతుంది. మన లాయర్ నోటీసులో "తమరికి తెలియజేయునది ఏమనగా" అన్నట్టు. అప్పుడిక మెయిల్ కాదు, మీ ఓనర్ చేత ఫోన్ చేయించు.

కంటైనర్ చేరాక ఆయన Viele Grüße అని రాయొచ్చు. అది నడిమెట్టు. అప్పుడు నువ్వూ అదే రాయి. లీబెకి మాత్రం ఈసారి ఆయన్నే ముందు రానివ్వు.