ప్రమాదాల లెక్క: ఎన్ని అని కాదు, ఎంతమందికి ఎన్ని?

అందరికీ నమస్కారం. ఈ రోజు రెండు నగరాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇవి నేను కల్పించినవే, అంకెలు కూడా నావే. చేత్తో లెక్క వేసుకోవడానికి వీలుగా ఉండేవి తీసుకున్నాను.

పెద్ద నగరంలో 80 లక్షల జనం. ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో 640 మంది చనిపోయారు. చిన్న నగరంలో 5 లక్షల జనం, 75 మంది చనిపోయారు. మొదటిది ప్రమాదకరమైన నగరమని ఎవరైనా హెడ్డింగ్ పెట్టేస్తారు. కానీ జనం పదహారు రెట్లు ఉన్నచోట మరణాలు ఎక్కువ ఉండడంలో వింతేముంది? రెండుచోట్లా రోడ్లు ఒకేలా ఉంటే చావులు కూడా పదహారు రెట్లు ఉండాలి. ఇక్కడ తొమ్మిది రెట్లు కూడా లేవు.

అందుకే తలసరి లెక్క. 640ని 80 లక్షలతో భాగిస్తే 0.00008 వస్తుంది. ఇన్ని సున్నాలు చదవడానికి ఎవరికీ ఓపిక ఉండదు కాబట్టి లక్షతో గుణించి, లక్ష మందికి 8 అంటాం. చిన్న నగరంలో అదే లెక్క లక్షకు 15. అంటే అక్కడ ఉండే మనిషికి ముప్పు దాదాపు రెట్టింపు. మరణాలు అరుదు కాబట్టి లక్షకు చెబుతాం. మొత్తం ప్రమాదాలు అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి వెయ్యికి చెప్పినా సరిపోతుంది. వెయ్యి, లక్ష అన్నవి చదివే సౌకర్యం కోసమే. ఒక నగరానికి వెయ్యికి, మరో నగరానికి లక్షకు లెక్కగట్టి పక్కపక్కన రాయకుండా ఉంటే చాలు. అలా రాసినవాళ్లూ ఉన్నారు లెండి.

ఇప్పుడు అసలు తిరకాసు. మరణాలు పక్కనపెట్టి మొత్తం ప్రమాదాలు చూద్దాం. పెద్ద నగరంలో 9,600 నమోదయ్యాయి, అంటే వెయ్యి మందికి 1.2. చిన్న నగరంలో 500, అంటే వెయ్యికి 1. ఇప్పుడు చిన్న నగరమే నయంగా కనిపిస్తోంది! ప్రమాదాలు తక్కువ, చావులు ఎక్కువ. ఇదెలా?

నూరు ప్రమాదాలకు ఎందరు చనిపోయారో చూడండి. పెద్ద నగరంలో సుమారు ఏడుగురు, చిన్న నగరంలో పదిహేను మంది. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. పెద్ద నగరంలో ట్రాఫిక్ నత్తనడక నడుస్తుంది, గుద్దుకున్నా బంపర్లే పోతాయి. ఖాళీ రోడ్ల మీద స్పీడ్ ఎక్కువ, దెబ్బ కూడా గట్టిగా తగులుతుంది. రెండో కారణం రికార్డుది. చిన్న నగరంలో చిన్నాచితకా ప్రమాదాలు అక్కడికక్కడే మాట్లాడుకుని సర్దుకుంటే అవి నమోదే కావు. చావును అంత తేలిగ్గా దాచలేరు. అందుకే నగరాలను పోల్చేటప్పుడు నేను ప్రమాదాల రేటు కంటే మరణాల రేటునే ఎక్కువ నమ్ముతాను. అయితే మరణమంటే ప్రమాదం జరిగిన 30 రోజుల లోపు చనిపోవడమా, అక్కడికక్కడే చనిపోవడమా అన్నది రెండుచోట్లా ఒకేలా లెక్కించారో లేదో ముందు చూసుకోవాలి.

చిన్న నగరానికి లక్షకు 15 అన్నాం కదా, ఆ అంకె మీద కూడా ఇంకో అనుమానం ఉంది. భిన్నంలో పైన లవం, కింద హారం అని బడిలో చదువుకున్నాం కదా. మన హారంలో ఉన్నది ఆ నగరంలో నివసించేవాళ్లే. లవంలో ఉన్నది ఆ నగరం పరిధిలో చనిపోయిన ప్రతి ఒక్కరూ. చిన్న నగరం మధ్యనుంచి హైవే వెళ్తోందనుకోండి. ఆ 75 మందిలో 30 మంది దారిన పోతున్న పొరుగూరివాళ్లని తేలింది. వాళ్లు హారంలో లేరు, లవంలో ఉన్నారు. తీసేస్తే 45, లక్షకు 9. న్యాయంగా పెద్ద నగరంలోనూ బయటివాళ్లను తీసేయాలి. అక్కడ 80 మంది తేలారనుకుందాం. మిగిలింది 560, లక్షకు 7. ఇందాక రెట్టింపున్న తేడా ఇప్పుడు 7, 9 దగ్గరికి వచ్చింది.

అలాగని ఆ 30 మంది లెక్కలోకి రారని కాదు. నగరంలో ఉండేవాళ్లకు ముప్పెంత అన్నది ఒక ప్రశ్న, ఆ రోడ్డు ఎంత చెడ్డది అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి జనాభా పనికిరాదు, ఆ రోడ్డు మీద వాహనాలు తిరిగిన కిలోమీటర్లతో భాగించాలి.

చివరగా, మరీ చిన్న ఊళ్ల సంగతి. 40 వేల జనం ఉన్న ఊళ్లో ఒక ఏడాది ఇద్దరు, తర్వాతి ఏడాది ఆరుగురు చనిపోయారు. రేటు లక్షకు 5 నుంచి 15కి ఎగబాకింది. మూడు రెట్లు పెరిగాయని గగ్గోలు మొదలవుతుంది. నిజానికి సగటున నలుగురు చనిపోయే ఊళ్లో, రోడ్లలో ఏ మార్పూ లేకపోయినా, ఒక ఏడాది ఒక్కరు, మరో ఏడాది ఏడుగురు ఉండొచ్చు. మోటు సూత్రం ఒకటి చెబుతాను: సగటు సంఖ్యకు వర్గమూలం తీసి, రెండింతలు చేయండి. ఆ మేరకు అటూ ఇటూ ఊగడం మామూలే. నాలుగుకు వర్గమూలం రెండు, రెండింతలు నాలుగు. అంటే సున్నా నుంచి ఎనిమిది దాకా ఏదొచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. 640కి అదే లెక్క సుమారు 50, అంటే నూటికి ఎనిమిది వంతులే. కాబట్టి చిన్న ఊరికి ఒక్క ఏడాది రేటు వేయకండి. మూడేళ్లలో 2, 6, 4 వస్తే మొత్తం 12. మూడేళ్ల జనాభా కలిపితే 1 లక్షా 20 వేలు. ఏడాదికి లక్షకు 10 అన్నమాట. ఆ పదికి కూడా ఊగిసలాట ఉంటుంది, కాకపోతే ఒక్క ఏడాది అంకెకు ఉన్నంత కాదు.