ఒంటిగంట దాకా పాడవని క్యారేజీ: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. తెల్లారకముందే ఇల్లు వదిలి మధ్యాహ్నం ఎక్కడో డబ్బా విప్పేవాళ్ళ కోసం ఈరోజు కార్యక్రమం. వేడి చేసుకునే వీలు లేదు, ఫ్రిజ్ లేదు. ఏం పెట్టుకోవాలి, ఎలా పెట్టుకోవాలి? డైటీషియన్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్. హలో?

శ్రోత 1: హలో... హలో, నా మాట వినిపిస్తోందామ్మా?

వ్యాఖ్యాత: వినిపిస్తోందండీ. మీ దగ్గర రేడియో కొంచెం తగ్గించండి.

శ్రోత 1: తగ్గించా. నమస్కారం మేడమ్. నేను 5:45కే బయల్దేరతాను. రెండు బస్సులు మారాలి. మా ఆవిడ నాలుగున్నరకే లేచి అన్నం, పప్పుచారు, బెండకాయ వేపుడు చేసిపెడుతుంది. వద్దంటే వినదు, బయట తింటే పాడైపోతానని దాని భయం. పదిహేనేళ్ళుగా ఇదే. ఇప్పుడేమో ఎండలు ముదిరాయి కదా, ఒంటిగంటకి మూత తీస్తే అన్నం చెమట పట్టి ఉంటోంది. మొన్నైతే అడుగున వేలు పెడితే తీగ సాగింది. పారేశాను. ఇంటికెళ్ళి చెప్పలేదు, బాధపడుతుందని. ఇంకోటి, తిన్న రోజేమో మూడింటికి కళ్ళు మూతలు పడతాయి. దీనికేం చెయ్యాలి?

డైటీషియన్: పారేసి మంచిపని చేశారు. ఒకటి చెప్పండి, అన్నం పొయ్యి మీంచి దించి నేరుగా డబ్బాలోకేనా?

శ్రోత 1: వేడివేడిగా. వేడి మీద పెడితే పాడవదు కదా మేడమ్?

డైటీషియన్: అక్కడే తిరకాసంతా. ఆ ఆవిరి మూతకి తగిలి నీళ్ళయి మళ్ళీ అన్నం మీదే పడుతుంది. మీరు చెమట అన్నది దాన్నే. పైగా మామూలు స్టీలు డబ్బా వేడిని నిలపలేదు, తొందరగా చల్లారనివ్వదు కూడా. గోరువెచ్చగా గంటలకొద్దీ కూర్చుంటుంది. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా క్రిములకి పండగ. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అని ఒక బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, అన్నం ఉడికినా అవి చావవు. గోరువెచ్చగా ఉంటే మొలకెత్తి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం తర్వాత ఎంత వేడి చేసినా పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. అందుకని గోరువెచ్చని డబ్బా వద్దు, ఇది గుర్తుపెట్టుకోండి. తీగ సాగినా, పులిసిన వాసన వచ్చినా పారేస్తాం సరే. వాసన లేదు కదా అని మాత్రం ధీమా పడొద్దు. విషానికి వాసన ఉండదు.

శ్రోత 1: మరి చల్లార్చి పెడితే సరిపోతుందా?

డైటీషియన్: చెమట తగ్గుతుంది, క్రిములు పెరగడం ఆగదు. వండిన మెత్తటి పదార్థం బయట రెండు గంటలు, 32 డిగ్రీలు దాటిన ఎండలో ఒక గంట. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క ఇది. మీది ఎనిమిది గంటలు. రోజూ తిని బాగానే ఉన్నాం అంటారు, నిజమే, ఉంటారు. ఉండని రోజు ఒకటి వస్తుంది. కాబట్టి దారులు మూడు. డబ్బా తెరిచేదాకా పొగలు కక్కుతూ ఉండాలి. లేదా చల్లగా ఉండాలి. ఈ రెండూ కుదరకపోతే నీళ్ళు తక్కువగానో పులుపు గట్టిగానో ఉన్నవి పెట్టుకోవాలి.

శ్రోత 1: సాంబారన్నం కలిపి పెట్టుకోవచ్చా మేడమ్? చింతపండు పులుపు ఉంటుందిగా.

డైటీషియన్: వస్తానండీ దానికి. ముందు మీ నిద్ర సంగతి. అన్నం ఎంత పెడతారు?

శ్రోత 1: పెద్ద గిన్నె నిండా. డబ్బాలో కుక్కి పెడుతుంది.

డైటీషియన్: ఓ 350 గ్రాములనుకుందాం. అందులో పిండిపదార్థం వంద గ్రాముల దగ్గరుంటుంది, ప్రొటీన్ తొమ్మిది. పప్పుచారు పలచగా ఉంటే రెండు గరిటెలకి రెండు మూడు గ్రాములు, బెండకాయది లెక్కలోకి రాదు. మీ బరువెంత?

శ్రోత 1: అరవై, అరవై రెండు.

డైటీషియన్: జాతీయ పోషకాహార సంస్థ లెక్కన కిలోకి 0.83 గ్రాములు, అంటే మీకు రోజుకి 50 గ్రాముల ప్రొటీన్. మధ్యాహ్నం భోజనంలో మూడో వంతు, పదహారు పదిహేడు రావాలి. మీకు పన్నెండుకి మించట్లేదు, అన్నమేమో కొండంత. కళ్ళు మూతలు పడటానికి అదొక కారణం. నాలుగున్నరకి లేవడం ఇంకో కారణం, దానికి నా దగ్గర మందు లేదు.

శ్రోత 1: (నవ్వు) నిజమే. లేచేది ఆవిడ, నేను ఐదుకి.

డైటీషియన్: అన్నమే కావాలంటే ఎండాకాలం పులిహోర చేసుకోండి. అన్నం అప్పుడే వండింది కావాలి, రాత్రిది కాదు. ఉడకగానే వెడల్పాటి పళ్ళెంలో వేలెడు మందాన పరిచి ఫ్యాను కింద పెట్టండి, పావుగంటలో ఆవిరి పోతుంది. పులుసు చిక్కగా ఉడికించి నూనె తేలాక కలపాలి. కలిపేటప్పుడు మధ్యలో తెల్లటి ముద్దలు మిగలకూడదు. పులుపు పట్టని మెతుకులు మామూలు అన్నంతో సమానం, పాసిపోవడం అక్కడే మొదలవుతుంది. గరిటెతో కాదు, శుభ్రంగా కడిగి పొడిగా తుడుచుకున్న చేత్తో ముద్దలు విడదీయండి. చల్లారాకే మూత.

శ్రోత 1: పులిహోరలో ప్రొటీన్ ఎక్కడుంటుంది మేడమ్?

డైటీషియన్: అన్నంలో తక్కువే. అందుకే 350 బదులు 200 గ్రాములు పెట్టుకోండి, అందులో ఐదు గ్రాములు. పక్కన చిన్న డబ్బాలో వేయించిన వేరుశనగలు ఒక గుప్పెడు, 30 గ్రాములు, ఏడు గ్రాముల పైన వస్తుంది. పుట్నాల పప్పు ఇంకో గుప్పెడు, ఆరు. మొత్తం పద్దెనిమిది. పిండిపదార్థం ఎనభైకి దిగుతుంది. పల్లీలు పులిహోరలో కలపకండి, మెత్తబడతాయి. విడిగా ఉంటే కరకరలాడతాయి, నీళ్ళు లేవు కాబట్టి పాడవవు. ఇంకోమాట, పులిహోర ఫ్రిజ్ కాదు. మామూలు అన్నం కంటే మేలు, అంతే. ఒంటిగంటకి తినేయాలి, సాయంత్రం దాకా దాచుకోకూడదు.

శ్రోత 1: అర్థమైంది. మరి సాంబారన్నం? స్టీలు డబ్బాలోనే, బాగా చల్లార్చి...

డైటీషియన్: అయ్యా, ఇందాకే చెప్పా కదండీ! సాంబారులో పప్పుంది, కూరగాయలున్నాయి, నీళ్ళున్నాయి, పులుపు పలచన. గోరువెచ్చని డబ్బా వద్దంటే వద్దు. అంత ఇష్టమైతే లోపల శూన్యం ఉండే ఫ్లాస్కు కొనుక్కోండి. పొద్దున దాన్ని మరిగే నీళ్ళతో నింపి పది నిమిషాలు ఉంచి పారబోయండి. కుతకుత ఉడికే సాంబారు అంచుదాకా పోసి బిగించండి. ఖాళీ వదిలితే వేడి పోతుంది. దారిలో తెరవొద్దు. మధ్యాహ్నం నోరు కాలేంత వేడి లేకపోతే ఆ ఫ్లాస్కు పనికిరానట్టే, ఆ సాంబారు తినొద్దు. పప్పు మాత్రం పిసినారిగా వెయ్యకండి, మనిషికి గుప్పెడు కందిపప్పు, 40 గ్రాములు వేస్తే ఎనిమిది గ్రాముల ప్రొటీన్ వస్తుంది.

శ్రోత 1: ఫ్లాస్కులో సాంబారు, విడిగా అన్నం...

డైటీషియన్: విడిగా పెట్టిన అన్నానికీ మళ్ళీ అదే సమస్య. పుల్కాలు పెట్టుకోండి. ఒక్కోటి గుడ్డ మీద ఆరనిచ్చి, ఆ తర్వాత గుడ్డలోనే చుట్టండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ, చాలామంది లైన్లో ఉన్నారు. తర్వాతి కాల్.

శ్రోత 2: నమస్తే మేడమ్, నేను కాలేజీకి వెళ్తాను, రానూపోనూ నాలుగు గంటలు. ఉడకబెట్టిన గుడ్లు పెంకుతోనే తీసుకెళ్తే పాడవవు కదా?

డైటీషియన్: లేదు తల్లీ. ఉడికాక పెంకు రక్షణ పోతుంది, దానికీ రెండు గంటలే. గుడ్డు కావాలంటే చల్లటి సంచీ ఉండాలి.

శ్రోత 2: చల్లటి సంచీ అంటే...

డైటీషియన్: లోపల వెండిరంగు పూత ఉండే లంచ్ సంచీ. ప్లాస్టిక్ సీసాలో ముప్పావు వంతు నీళ్ళు పోసి రాత్రి డీప్ ఫ్రిజ్‌లో పెట్టు. నిండా పోస్తే పగులుతుంది. పొద్దున ఆ గడ్డని పల్చటి గుడ్డలో చుట్టి డబ్బాకి ఆనించి పెట్టు. డబ్బా కూడా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండి నేరుగా సంచీలోకి రావాలి. వేడి డబ్బా పెడితే గడ్డ దాన్ని చల్లార్చడంలోనే కరిగిపోతుంది. మధ్యాహ్నం సీసాలో ఇంకా ఐసు ముక్క గలగలమంటే సరే. పూర్తిగా నీళ్ళయి వెచ్చగా ఉంటే ఆ గుడ్లు తినకు.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. తర్వాత... హలో?

శ్రోత 3: మేడమ్, మా అబ్బాయి క్యారేజీలో మొలకలు పెడుతున్నాను, ప్రొటీన్ అని.

డైటీషియన్: పచ్చివా?

శ్రోత 3: ఆ, నిమ్మకాయ పిండి.

డైటీషియన్: వద్దండీ. మొలకెత్తే తడీ వెచ్చదనమే క్రిములకీ కావాలి. ఆవిరి మీద ఉడికించి ఇంట్లోనే పెట్టండి, డబ్బాలో వద్దు. దానికి బదులు అవే పెసలు నానబెట్టి రుబ్బి పెసరట్లు పల్చగా, బాగా కాల్చి చల్లార్చి పెట్టండి. రెండు అట్లకి 60 గ్రాముల పెసలు, పద్నాలుగు గ్రాముల ప్రొటీన్. ఉల్లిపాయ ముక్కలు వద్దు, తడి. కొబ్బరి పచ్చడి అసలే వద్దు, అన్నిటికంటే ముందు అదే పోతుంది. అల్లం పొడో కందిపొడో సరిపోతుంది. ఎన్నింటికి తింటాడు?

శ్రోత 3: పదకొండున్నరకి. ఇంట్లోంచి ఏడున్నరకి వెళ్తాడు.

డైటీషియన్: అయితే వాడికీ ఐసు సీసా సంచీ ఇవ్వండి.

వ్యాఖ్యాత: ఇంకో కాల్... మళ్ళీ మీరేనా అండీ?

శ్రోత 1: క్షమించండి, ఒక్కటే. మా ఆవిడ ఇప్పుడే అడుగుతోంది, పెరుగన్నం రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెడితే?

డైటీషియన్: అది మంచి ప్రశ్న, ఆవిడకి చెప్పండి. వండిన అన్నం వెంటనే పరిచి చల్లార్చి, గంటలోపు పెరుగు కలిపి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున ఐసు సీసాతో సంచీలోకి. 200 గ్రాముల పెరుగుకి ఆరేడు గ్రాముల ప్రొటీన్, అన్నం కొద్దిగానే వెయ్యండి. పల్లీల డబ్బా ఎలాగూ ఉంటుంది.

శ్రోత 1: దానిమ్మ గింజలు?

డైటీషియన్: తినేముందు వేసుకోండి. విడి డబ్బాలో.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. డైటీషియన్ గారికి, ఫోన్ చేసినవాళ్ళకి ధన్యవాదాలు. వార్తల తర్వాత మళ్ళీ కలుద్దాం.