కంట్రోలర్ మధ్యలో కట్ అవుతోందా? ముందు ఎప్పుడు కట్ అవుతోందో చూడండి

హోస్ట్: ఈసారి ఒక శ్రోత పంపిన ప్రశ్నతో మొదలుపెడదాం. "నా వైర్‌లెస్ కంట్రోలర్ ఆట మధ్యలో కట్ అయిపోతోంది. పైగా చెయ్యి తీసేసినా క్యారెక్టర్ ఎడమవైపుకి నడుచుకుంటూ పోతున్నాడు. ఎన్నిసార్లు పెయిర్ చేసినా అంతే. కొత్తది కొనాల్సిందేనా?" చెప్పండన్నా.

టెక్నీషియన్: కొనడం తర్వాత సంగతి. కట్ అయ్యేది ఎప్పుడట?

హోస్ట్: అదీ రాశారు. కారు గుద్దుకున్నప్పుడు, బాంబు పేలినప్పుడు ఎక్కువట.

టెక్నీషియన్: సగం జవాబు అక్కడే ఉంది. అప్పుడే కదా కంట్రోలర్ వణికేది? లోపల వైబ్రేషన్ మోటార్లు తిరుగుతాయి. అవి తిరిగేటప్పుడు మామూలుకంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతాయి. బ్యాటరీ పాతబడితే ఆ దెబ్బకి వోల్టేజ్ చటుక్కున పడిపోయి కంట్రోలర్ ఆరిపోతుంది. మోటార్లు ఆగాక వోల్టేజ్ మళ్లీ కోలుకుంటుంది. అందుకే ఆన్ చేస్తే బ్యాటరీ సగం ఉన్నట్టే కనిపిస్తుంది, మనమేమో పెయిరింగ్‌ని తిడుతూ కూర్చుంటాం.

హోస్ట్: మరి తేల్చుకోవడం ఎలా?

టెక్నీషియన్: సెట్టింగ్స్‌లో వైబ్రేషన్ ఆఫ్ చేసి అదే గేమ్ కాసేపు ఆడాలి. కట్ కావడం ఆగిపోతే బ్యాటరీ మీదే అనుమానం. సెల్స్ వేసుకునే రకమైతే ముందు కొత్త సెల్స్ వేసి చూడాలి, స్ప్రింగ్ కాంటాక్టులు వదులయ్యాయేమో, తెల్లటి పొడి పట్టిందేమో చూడాలి. చేత్తో కాస్త కుదిపితేనే ఆరిపోతే కాంటాక్టే లూజు. ఇంకో మాట, రీఛార్జబుల్ సెల్ 1.2 వోల్టులు, మామూలు ఆల్కలైన్ 1.5. ఛార్జ్ చూపించే గేజ్ ఆల్కలైన్ లెక్కన చూసుకుంటే రీఛార్జబుల్ సెల్స్ నిండుగా ఉన్నా తక్కువ చూపించొచ్చు. ఆ గీతల్ని నమ్మకండి.

హోస్ట్: కేబుల్ పెట్టి ఆడితే కట్ కావట్లేదు కాబట్టి బ్యాటరీయే అని చాలామంది అంటారు.

టెక్నీషియన్: అది తొందరపాటు. కొన్ని కంట్రోలర్లలో కేబుల్ పెట్టగానే డేటా కూడా వైరులోంచే పోతుంది. అంటే బ్యాటరీ, రేడియో రెండూ పక్కకి తప్పుకున్నట్టే. ఏది తప్పో తేలదు.

హోస్ట్: వైబ్రేషన్ లేకపోయినా కట్ అవుతుంటే?

టెక్నీషియన్: అప్పుడు రేడియో, పెయిరింగ్. కంప్యూటర్ అయితే యూఎస్‌బీ 3 పోర్టు, దాని పక్కనున్న హార్డ్‌డిస్క్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర గోల చేస్తాయి, బ్లూటూత్ పనిచేసేది అక్కడే. బ్లూటూత్ డాంగిల్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెట్టండి. తర్వాత కంట్రోలర్‌ని లిస్టులోంచి తీసేసి కొత్తగా పెయిర్ చేయండి. ఇంతకుముందు పెయిర్ చేసిన ఫోనో, కన్సోలో దగ్గర్లో ఉంటే దాని బ్లూటూత్ ఆపి చూడండి.

హోస్ట్: ఇక ఎడమకి నడిచిపోయే మనిషి సంగతి?

టెక్నీషియన్: మామూలు స్టిక్ కింద అది ఎటు వంగిందో కొలిచే పొటెన్షియోమీటర్లు రెండు ఉంటాయి, అడ్డానికొకటి, నిలువుకొకటి. కార్బన్ పూత మీద చిన్న లోహపు పట్టీ రాసుకుంటూ తిరుగుతుంది. వాడేకొద్దీ మధ్యభాగం అరుగుతుంది, ఆ పొడి అక్కడే పేరుకుంటుంది. అప్పుడు చెయ్యి తీసేసినా స్టిక్ పక్కకి వంగినట్టే సిగ్నల్ పోతుంది, దాన్నే డ్రిఫ్ట్ అంటారు. విండోస్‌లో `joy.cpl` తెరిస్తే స్టిక్ స్థానం కనిపిస్తుంది. అంకెలు కావాలంటే బ్రౌజర్‌లో గేమ్‌ప్యాడ్ టెస్టర్ పేజీ చాలు, మైనస్ 1 నుంచి 1 దాకా చూపిస్తుంది.

హోస్ట్: ఆయనకి చెయ్యి పెట్టకుండానే మైనస్ 0.14 వస్తోందట.

టెక్నీషియన్: మంచి సమాచారం. ఇప్పుడు స్టిక్‌ని కుడికి నొక్కి వదలాలి, ఎడమకి నొక్కి వదలాలి. ఒకవైపు నుంచి సున్నా దగ్గరికి వచ్చి, ఇంకోవైపు నుంచి 0.14 దగ్గరే ఆగితే స్ప్రింగ్ అలసిపోయిందో, ఏదో అడ్డుపడుతోందో. ముట్టుకోకపోయినా అంకె గంతులేస్తుంటే పూత అరిగింది.

హోస్ట్: ఒక గేమ్‌లో నడుస్తాడు, ఇంకో దాంట్లో కదలడు, ఎందుకలా?

టెక్నీషియన్: డెడ్‌జోన్. అంటే స్టిక్ మధ్యలో కాస్త కదిలినా గేమ్ పట్టించుకోని మేర. విండోస్ గేమ్‌లు కంట్రోలర్‌ని చదివే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఇన్‌పుట్‌లో ఎడమ స్టిక్‌కి సూచించిన డెడ్‌జోన్ 32767లో 7849, అంటే దాదాపు 24 శాతం. అది పాటించిన గేమ్‌లో 0.14 కనిపించదు. చిన్న డెడ్‌జోన్ పెట్టుకున్న గేమ్‌లో నడక మొదలవుతుంది. కాబట్టి ముందు డెడ్‌జోన్ 0.2 దాకా పెంచుకోండి. మెల్లగా గురిపెట్టేటప్పుడు కాస్త మొద్దుగా అనిపిస్తుంది, అది దాని ఖరీదు.

హోస్ట్: స్ప్రే?

టెక్నీషియన్: ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి స్టిక్ తిప్పితే పొడి పోతుంది. అరిగిన పూత మాత్రం తిరిగి రాదు, కొన్నాళ్లకి మళ్లీ మొదలు. నూనె రకం స్ప్రేలు వద్దు. శాశ్వతంగా పోవాలంటే స్టిక్ మాడ్యూల్ మార్చాలి. చాలా మోడళ్లలో బోర్డుకి 14 చోట్ల టంకం ఉంటుంది, అలవాటు లేని చేతికి పని కాదు. మార్చేటట్టయితే హాల్ ఎఫెక్ట్ రకం అడగండి. అయస్కాంతంతో కొలుస్తుంది, రాపిడి లేదు. బిగించాక కేలిబ్రేషన్ మాత్రం చేయించాలి, లేకపోతే సెంటర్ తప్పి అదే డ్రిఫ్ట్‌లా కనిపిస్తుంది.

హోస్ట్: చివర్లో ఇంకోటి రాశారు. రాత్రి పక్కన పెడితే పొద్దునకి ఛార్జ్ అయిపోతోందట.

టెక్నీషియన్: అయితే ముందు స్టిక్ సంగతే చూడమనండి. వాడకపోతే కంట్రోలర్ కాసేపటికి తనే నిద్రపోవాలి. స్టిక్ కదులుతున్నట్టే సిగ్నల్ పోతుంటే ఎవరో ఆడుతున్నారనుకుని మేలుకునే ఉండొచ్చు. రాత్రి చేత్తో ఆఫ్ చేసి పెట్టమనండి. పొద్దునకీ ఛార్జ్ నిలిస్తే కంట్రోలర్ మేలుకుని ఉండడమే కారణం, ముందు ఆ స్టిక్ మీదే అనుమానం. అప్పటికీ పడిపోతే బ్యాటరీ మీద అనుమానం.