జూనియర్ లాయర్ రెజ్యూమే: డైరీ తెరిచి రాయండి

[స్క్రీన్ మీద: టేబుల్, దాని మీద రెండు పేజీల రెజ్యూమే, పక్కన ఎర్ర అట్ట కోర్టు డైరీ]

నమస్కారం. పోయిన నెల కర్నూలులోని మా ఆఫీసుకి ఒక అమ్మాయి వచ్చింది. ఇక్కడి కోర్టుల్లోనే ఇరవై నెలలుగా ఒక సీనియర్ దగ్గర పనిచేస్తోంది. ఆయన ప్రాక్టీస్ హైకోర్టుకు మార్చుకుని అమరావతి వెళ్లిపోతున్నారు. అందుకే ఈమెకి ఇంకో ఆఫీసు కావాలి. రెజ్యూమే నా చేతిలో పెట్టింది.

[స్క్రీన్ మీద: "సివిల్, క్రిమినల్, ఫ్యామిలీ, రెవెన్యూ, కార్పొరేట్ చట్టాల్లో అనుభవం. 150కి పైగా కేసులు స్వతంత్రంగా నడిపాను. అన్ని రకాల డ్రాఫ్టింగ్ వచ్చు."]

మీలో చాలామంది రెజ్యూమే ఇంగ్లీషులోనే వేస్తారు. విషయం అర్థమవడానికి ఆ మాటల్నే నేను తెలుగులో చూపిస్తున్నాను.

"అమ్మా, ఆ నూటయాభైలో ఒక్కటి చెప్పు. ఏ కోర్టు, ఎవరి తరఫున, ఇప్పుడు ఏ స్టేజిలో ఉంది?" అని అడిగాను. ఆ అమ్మాయికి టెన్షన్ వచ్చేసింది. కాసేపాగి, "సార్, డైరీ చూసి చెప్పొచ్చా?" అంది. చూడమన్నాను.

[స్క్రీన్ మీద: డైరీలో ఒక రోజు పేజీ, దగ్గరగా]

ఆ పేజీలో పన్నెండు కేసులు రాసుకుంది. కోర్టు, కేసు నంబరు, దేనికి పోస్ట్ అయింది, తర్వాతి వాయిదా. ఒక ఇంజంక్షన్ దావా పక్కన పెన్సిల్‌తో చిన్నగా ఇలా ఉంది: "ఐ.ఏ. కౌంటర్ వేయలేదు. లాస్ట్ ఛాన్స్ ఇచ్చారు. నేనే."

ఆ "నేనే" ఏమిటని అడిగాను. ఆ రోజు సీనియర్ నంద్యాల కోర్టులో ఉన్నారట. కాల్ వర్క్‌లో కేసు పిలిస్తే తనే లేచి, అవతలివాళ్లు ఇప్పటికే మూడు వాయిదాలు తీసుకున్నారని చెప్పి, ఇక టైం ఇవ్వొద్దని కోరిందట. జడ్జిగారు చివరి అవకాశం ఇచ్చి వారం రోజులకే వాయిదా వేశారు.

నాకు కావలసింది ఆ ఒక్క మాటే. రెజ్యూమేలో అదే లేదు. ఆ నూటయాభై కేసుల సంఖ్య ఆఫీసుది, "నేనే" ఆమెది. జూనియర్ రెజ్యూమేలో కోర్టు మ్యాటర్స్ భాగమంతా ఆ రెండోదానితోనే రాయాలి.

అక్కడే కూర్చోబెట్టి డైరీ మొత్తం తిరగేయించాను. నియమం ఒకటే: తాను స్వయంగా ఏదైనా రాసినవి, లేదా లేచి ఏదైనా చెప్పినవి మాత్రమే లెక్క. ఊరికే వెనక కూర్చున్నవి వద్దు. గంటన్నర పట్టింది. 64 తేలాయి. వాటిలో 27 ఇంజంక్షన్, భాగపరిష్కార దావాలు. 18 చెక్ బౌన్స్ కేసులు. 11 మోటారు ప్రమాద పరిహారం ఓ.పి.లు. మిగతా 8 మనోవర్తి, విడాకులు. కార్పొరేట్ ఒక్కటీ లేదు. రెవెన్యూ అని రాయడానికి కారణం, ఒకసారి 22ఏ జాబితాలో పడిన భూమి గురించి సీనియర్‌తో పాటు కలెక్టరేట్‌కి వెళ్లడం.

దాంతో ప్రాక్టీస్ ఏరియాల లైను దానంతట అదే మారిపోయింది.

[స్క్రీన్ మీద: "ప్రధానంగా: స్థిరాస్తి సివిల్ దావాలు, చెక్ బౌన్స్ కేసులు. కొంతవరకు: మోటారు ప్రమాద పరిహారం, కుటుంబ కేసులు."]

ఐదు రంగాలు రాసినప్పుడు నాకు నమ్మకం కలగలేదు. రెండు రాస్తే కలిగింది. రాయలసీమలో ఏ ఆఫీసుకైనా రోజూ వచ్చేవి పొలం గట్ల తగాదాలు, చెక్కులే కాబట్టి ఆ రెండూ తక్కువేమీ కావు.

ఇప్పుడు ఒక్క కేసు తీసుకుని రెజ్యూమేలో ఎలా రాయాలో చూద్దాం. అదే ఇంజంక్షన్ దావా. మన క్లయింటుకి మూడెకరాల చిల్లర పొలం ఉంది. పక్క పొలం ఆయన గట్టు జరుపుతున్నాడు. శాశ్వత ఇంజంక్షన్‌కి దావా, దాంతోపాటు ఆర్డర్ 39 రూల్స్ 1, 2 కింద తాత్కాలిక ఇంజంక్షన్‌కి ఐ.ఏ. ప్లెయింట్ మొదటి డ్రాఫ్ట్ ఈమె రాసింది, సీనియర్ దిద్దారు. ఐ.ఏ. అఫిడవిట్ పూర్తిగా ఈమెదే. వాదన సీనియర్ చెప్పారు. మధ్యలో వాయిదాలకు ఈమె హాజరైంది. పి.డబ్ల్యు.1 చీఫ్ అఫిడవిట్ ఈమె తయారుచేసింది. క్రాస్ జరిగేటప్పుడు పక్కన కూర్చుని డాక్యుమెంట్లు అందించింది.

ఇంత పని చేసిన కేసుకి పాత రెజ్యూమేలో ఉన్న మాట "హ్యాండిల్ చేశాను". ఆ మాట విన్నవాళ్లకి ఏమీ తెలియదు. మూడు క్రియలు విడివిడిగా వాడండి: డ్రాఫ్ట్ చేశాను, హాజరయ్యాను, సహకరించాను.

[స్క్రీన్ మీద: "శాశ్వత ఇంజంక్షన్ దావా, జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, వాది తరఫున. ప్లెయింట్ తొలి డ్రాఫ్ట్, ఐ.ఏ. అఫిడవిట్, చీఫ్ అఫిడవిట్ తయారుచేశాను. వాయిదాలకు హాజరయ్యాను. ట్రయల్‌లో సీనియర్‌కి సహకరించాను. ప్రస్తుతం ప్రతివాది సాక్ష్యం స్టేజి."]

కోర్టు, కేసు రకం, ఏ పక్షం, మీరు చేసిన పని, ఇప్పటి స్టేజి. ఇలాంటివి ఐదారు చాలు. 64 కేసులూ రాయక్కర్లేదు.

స్వతంత్రంగా నడిపానని రాసేవాళ్లకి ఒక మాట. ఈ-కోర్ట్స్ సైటులో లాయర్ పేరుతో వెతికే సదుపాయం ఉంది. వకాలత్‌లో మీ పేరు లేని కేసుని మీ సొంత కేసుగా చెబితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. సీనియర్ వకాలత్ మీద హాజరయ్యానని రాస్తే ఎవరూ తక్కువ చేసి చూడరు. జూనియర్లందరం అలాగే మొదలుపెట్టాం.

ఇక డ్రాఫ్టింగ్. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే జూనియర్‌ని తీసుకునేటప్పుడు నేను చూసేది ముఖ్యంగా ఇదే.

"అన్ని రకాల డ్రాఫ్టింగ్" అన్నది కొట్టేసి, రాసిన వాటి పేర్లు రాయించాను. ప్లెయింట్లు, రిటన్ స్టేట్‌మెంట్లు, ఐ.ఏ. అఫిడవిట్లు, కౌంటర్లు, చెక్కు కేసుల్లో లీగల్ నోటీసులు, ఫిర్యాదులు. ఒక్కొక్కటి ఎన్ని రాసిందో డైరీ చూసి సుమారుగా వేసింది. తర్వాత ఒక ప్రశ్న అడిగాను: "నువ్వు రాసినవాటిలో ఆఫీసు అబ్జెక్షన్‌తో రిటర్న్ అయినవి ఎన్ని?"

నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక ప్లెయింట్ షెడ్యూల్‌లో సర్వే నంబరు సబ్‌డివిజన్ తప్పు కొట్టాను. 2బి బదులు 2ఏ పడింది. నాలుగు హద్దులూ సరిగ్గా ఉన్నాయి, విస్తీర్ణం సరిగ్గా ఉంది, కాబట్టి ఎవరూ గమనించలేదు. ఫైలైంది, నంబరైంది. ప్రతివాది తన రిటన్ స్టేట్‌మెంట్‌లో ఆ భూమికీ తనకీ సంబంధమే లేదన్నాడు. ఆర్డర్ 6 రూల్ 17 కింద సవరణ పిటిషన్ వేసి, అవతలివాళ్ల కౌంటర్ వచ్చి, ఆర్డర్ అయ్యేసరికి క్లయింటుకి ఒక పంటకాలం పోయింది. అప్పటినుంచి షెడ్యూల్‌ని అడంగల్, 1బి, పాస్‌బుక్ మూడూ ఎదురుగా పెట్టుకుని ఒక్కో అంకె వేలితో చూపిస్తూ సరిపోలుస్తాను.

అందుకే, "రిటర్న్ అయిన దావాల్లో అబ్జెక్షన్లు సరిచేసి తిరిగి దాఖలు చేశాను" అన్న లైను రెజ్యూమేలో కనిపిస్తే నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. కోర్టు ఫీజు విలువ కట్టడం, కాజ్ ఆఫ్ యాక్షన్ పేరాలో తేదీలు, డాక్యుమెంట్ల జాబితా, ఇవన్నీ చేతికి వచ్చాయని దానర్థం. ఆ అమ్మాయి అలాంటివి తొమ్మిది చేసింది. రెజ్యూమేలో ఒక్కటీ రాయలేదు. పొరపాట్లు ఒప్పుకున్నట్టవుతుందని అనుకుందట.

క్రిమినల్ పని రాసేవాళ్లు ఒకటి జాగ్రత్తగా చూసుకోండి.

[స్క్రీన్ మీద: "482 పిటిషన్లు డ్రాఫ్ట్ చేశాను"]

ఇది చదివితే ఏం అర్థమవుతుంది? పాత సి.ఆర్.పి.సి.లో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టులో వేసే పిటిషన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బి.ఎన్.ఎస్.ఎస్.లో 482 అంటే ముందస్తు బెయిలు, పాత 438. కొట్టివేత పిటిషన్ ఇప్పుడు 528 కిందికి వెళ్లింది. జిల్లా కోర్టులో పనిచేసే జూనియర్ చట్టం పేరు లేకుండా నంబరు మాత్రం రాస్తే, చదివేవాళ్లు తప్పుగా అనుకోవచ్చు. సెక్షన్ పక్కన చట్టం పేరు, దాని పక్కన పని పేరు తప్పకుండా రాయండి.

క్లయింటు పేర్లు, సర్వే నంబర్లు రెజ్యూమేలో రాయకండి. రాసిన డ్రాఫ్ట్ నమూనా చూపించమంటే పేర్లు, ఊళ్లు, నంబర్లు చెరిపేసి ఇవ్వండి. క్లయింటు మనతో చెప్పుకున్నది భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 132 కింద రహస్యం. లైంగిక నేరాల కేసుల్లో బాధితుల్ని గుర్తుపట్టే వివరం బయటపెట్టడం నేరం కూడా. నేనైతే క్లయింటు పేర్లున్న రెజ్యూమే ఇచ్చినవాళ్లకి ఫైలు ఇవ్వను. రేపు నా క్లయింట్ల పేర్లు ఇంకొకరి టేబుల్ మీద ఉంటాయి.

ఇంకా ఎన్‌రోల్ కానివాళ్లు, లీగల్ అసిస్టెంట్‌గా పనిచేసేవాళ్లు "హాజరయ్యాను" అన్న మాటే వాడకూడదు. డ్రాఫ్టింగ్, రీసెర్చ్, ఫైలింగ్, సర్టిఫైడ్ కాపీలు తీయడం రాయండి. ఎన్‌రోల్ అయినవాళ్లు ఎన్‌రోల్‌మెంట్ తేదీ, ఏ.ఐ.బి.ఇ. పాసైన సంవత్సరం మొదటి పేజీ పైనే పెట్టండి. ఆ తేదీ మీకే అవసరం. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న చెప్పింది. ఆ మూడేళ్లు ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి లెక్క.

రెజ్యూమే ఎవరికి వెళ్తుందో చూసి లైన్ల వరుస మార్చండి. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసులో అసిస్టెంట్ పోస్టుకి మూడేళ్ల లోపు క్రిమినల్ ప్రాక్టీసు వాళ్లు వేసుకోవచ్చు. దానికి ఇంజంక్షన్ దావా పైన పెట్టి లాభం లేదు.

[స్క్రీన్ మీద: కొత్త రెజ్యూమే, ఒకటింపావు పేజీ]

కొత్తగా రాసిందాంట్లో చెక్ బౌన్స్ ఫిర్యాదులు 18 అని ఉంది. ఆ లైను మీద వేలు పెట్టి అడిగాను: "నోటీసు మార్చి 4న అందింది. డబ్బు కట్టలేదు. ఫిర్యాదు ఎప్పటిలోగా వేయాలి?" ఈసారి డైరీ తీయలేదు. "పదిహేను రోజులు మార్చి 19తో అయిపోతాయి. 20న కాజ్ ఆఫ్ యాక్షన్ వస్తుంది. ఆ రోజు వదిలేసి నెల లెక్కేస్తే ఏప్రిల్ 20 వరకు సార్" అంది.

ఇంటికెళ్లి ఇంకో పని చేయమన్నాను. రెజ్యూమేలోని ప్రతి కేసుకీ 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు తన దగ్గరి కాపీలో మార్జిన్‌లో రాసుకోమన్నాను. బయటికిచ్చే కాపీలో వద్దు. ఇంటర్వ్యూకి వెళ్లే ముందురోజు రాత్రి ఆ నంబర్లు కొట్టి చూస్తే ఏ కేసు ఏ స్టేజికి వచ్చిందో తెలుస్తుంది. "ప్రతివాది సాక్ష్యం స్టేజి" అని రాసిన దావా ఆ లోపు ఆర్గ్యుమెంట్లకు వచ్చి ఉంటే, ఆ లైను మార్చి మళ్లీ ప్రింట్ తీసుకోవాలి.